అట్టపెట్టెల కంపెనీకి పేరు కావాలి: 'ఎకో', 'గ్రీన్' లేకుండా ఎట్లా?

అనంత_డబ్బాలు
అనంతపురం దగ్గర మాకు చిన్న యూనిట్ ఉంది. మూడు ప్లై, ఐదు ప్లై అట్టపెట్టెలు, క్రాఫ్ట్ పేపర్ సంచులు చేస్తాం. ఆరేళ్లుగా నాన్న పేరు మీద 'ఎంటర్‌ప్రైజెస్' అని నడుస్తోంది. ఇప్పుడు సరైన పేరు పెట్టి ట్రేడ్‌మార్క్ చేయిద్దామని అనుకున్నా. 'ఎకో గ్రీన్ ప్యాక్' అని ఫిక్స్ అయి, ఆగలేక నాలుగు వేల సంచుల మీద ప్రింట్ కూడా కొట్టించా. నిన్న ఒక దానిమ్మ ఎగుమతిదారు దగ్గరికి శాంపిల్ తీసుకుపోతే ఆయన పేరు చూసి "గ్రీన్ అంటే ఏంది? మీ డబ్బాలో గ్రీన్ ఏముంది?" అన్నాడు. నాకు జవాబు రాలేదు. రీసైకిల్డ్ పేపర్ అన్నా. "ఎంత?" అన్నాడు. దానికీ రాలేదు. పర్యావరణానికి మేలు చేసే పని కొంచెమైనా చేస్తున్నాం, అది పేరులో తెలియాలి, కానీ ఎవరన్నా అడిగితే నోరు మూతపడకూడదు. సలహాలు చెప్పండి.

నంద్యాల_చిన్నోడు
నాలుగు వేల సంచులా 😄 పేరు పెట్టకముందే బారసాల చేసినావు అన్నా.

పేరుబలం_శాస్త్రి
మీ జన్మనక్షత్రం, నాన్నగారి పుట్టిన తేదీ పెట్టండి. పేరుకి 5 లేదా 6 రావాలి. వ్యాపారానికి 8 అసలు పనికిరాదు.

అనంత_డబ్బాలు
@పేరుబలం_శాస్త్రి నేను అడిగింది అది కాదు సార్.

కడప_మంజు
ఎకో, గ్రీన్ అనే పదాలు గవర్నమెంట్ బ్యాన్ చేసింది కదా. 2024లో రూల్ వచ్చింది. పేరులో ఉంటే పది లక్షల ఫైన్. వెంటనే మార్చేయండి.

పాత_గుమాస్తా
మంజు గారు చెప్పింది సగం నిజం. 2024 అక్టోబర్ 15న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అదే సీసీపీఏ, గ్రీన్‌వాషింగ్ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో ఏ పదాన్నీ బ్యాన్ చేయలేదు. 'గ్రీన్', 'ఎకో ఫ్రెండ్లీ', 'క్లీన్' లాంటి గాలిమాటలు వాడితే, ఏ విషయంలో గ్రీనో పక్కనే వివరంగా చెప్పాలి, దానికి ఆధారం ఉండాలి అన్నారు. పది లక్షలు అనేది 2019 వినియోగదారుల చట్టంలో తప్పుదారి పట్టించే ప్రకటనకి మొదటిసారి వేయగలిగే గరిష్ఠ జరిమానా. పేరులో 'ఎకో' ఉందని రేపే ఎవరో వచ్చి పది లక్షలు కట్టమనరు.

నేను ముప్పై ఏళ్లు ఒక ట్రేడ్‌మార్క్ లాయర్ దగ్గర గుమాస్తాగా చేసినా. లాయర్ని కాదు, ముందే చెప్తున్నా.

ప్రొద్దుటూరు_ప్రెస్
అంత టెన్షన్ ఎందుకండీ. పేరు అంటే పేరే, ప్రకటన కాదు. 'గ్రీన్' అని ఇంటిపేరు ఉన్నవాడు కంపెనీ పెట్టుకోకూడదా? మా ప్రెస్సులో వారానికి రెండు 'ఎకో' ఏదో ఒకటి ప్రింట్‌కి వస్తుంది. ఎవర్నీ ఎవరూ అడగట్లేదు.

పాత_గుమాస్తా
@ప్రొద్దుటూరు_ప్రెస్ మన దగ్గర కంపెనీ పేరొక్కటే ప్రకటన అవుతుందా కాదా అన్నది వాదించుకోవచ్చు. కంపెనీ ఆశయం చెప్పే మాట, ఏ ఒక్క వస్తువు గురించీ కాకపోతే, గ్రీన్‌వాషింగ్ కిందికి రాదని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. కానీ ఆ పేరునే సంచి మీద పెద్ద అక్షరాలతో కొట్టి పక్కన ఆకు బొమ్మ వేశారనుకోండి, అప్పుడది ఆ సంచి గురించి చెప్పిన మాటే కదా. ఇంకో సంగతి. దానిమ్మ ఎగుమతి అన్నారు కాబట్టి చెప్తున్నా. యూరప్ వాళ్లు 2024లో ఒక డైరెక్టివ్ తెచ్చారు, 2026 సెప్టెంబర్ 27 నుంచి అమలు. అందులో బ్రాండ్ పేర్లు, కంపెనీ పేర్లు కూడా పర్యావరణ క్లెయిమ్‌లే అని నేరుగా రాసేశారు. ఆ కొనేవాడు ఊరికే అడిగి ఉండడు, వాళ్ల బయ్యర్ ఆయన్ని అడుగుతూ ఉంటాడు.

అనంత_డబ్బాలు
అదా సంగతి. ఆయన దుబాయ్‌కి, యూరప్‌కి పంపుతాడు.

దానిమ్మ_తోట
మా కాయ పోయేది అట్లాంటి డబ్బాలోనే. రైతుగా నాకు కావాల్సింది ఒక్కటే, కోల్డ్ స్టోరేజీలో తడి తగిలితే కింది వరుస డబ్బా కూలకూడదు. పోయిన సీజన్‌లో రీసైకిల్డ్ అని చెప్పి ఒకరు ఇచ్చిన డబ్బాలు మెత్తబడి పై వరుసలన్నీ కాయ మీదికి దిగినాయి. పేరు గ్రీన్ అయితే ఏం, ఎల్లో అయితే ఏం.

అనంత_డబ్బాలు
@దానిమ్మ_తోట అందుకే అన్నా, మేం ఎగుమతి డబ్బాకి పైపొర కొత్త గుజ్జుతో చేసిన వర్జిన్ క్రాఫ్ట్ వేస్తాం, లోపలిదంతా రీసైకిల్డ్. ఇప్పుడు దీన్ని రీసైకిల్డ్ డబ్బా అనొచ్చా?

క్రాఫ్ట్_రంగయ్య
ఇరవై రెండేళ్లు పేపర్ మిల్లులో చేసి, ఇప్పుడు కర్నూలులో ఉన్నా. పేరు తర్వాత, ముందు నీ డబ్బాలో ఏముందో లెక్క కడదాం. ఐదు ప్లైకి ఏ జీఎస్‌ఎం వాడతావు?

అనంత_డబ్బాలు
పైపొర 180 వర్జిన్. మిగతా నాలుగూ 140 రీసైకిల్డ్.

క్రాఫ్ట్_రంగయ్య
సరే. చదరపు మీటరు డబ్బా అట్టకి పైపొర 180 గ్రాములు. మధ్యది, లోపలిది చదును పొరలు, 140 చొప్పున 280. అలలు తిరిగే ఫ్లూటింగ్ పొరలు రెండున్నాయి. అల తిరగాలంటే కాగితం ఎక్కువ పడుతుంది, మీటరు అట్టకి దాదాపు 1.4 మీటర్లు. కాబట్టి 140ని 1.4తో గుణిస్తే 196, రెండింటికీ 392. మొత్తం 852 గ్రాములు, అందులో రీసైకిల్డ్ 672. అంటే వందకి దాదాపు 79. గంజి జిగురు బరువు వదిలేశా.

ఇప్పుడు ఆ ఎగుమతిదారు మళ్ళీ "ఎంత?" అంటే "కాగితం బరువులో 79 శాతం, పైపొర తప్ప" అని చెప్పు. అది గ్రీన్ కాదు, అంకె. ఆయన దాన్ని పట్టుకొని వాళ్ల బయ్యర్‌కి రాయగలడు. 'నూరు శాతం రీసైకిల్డ్' అంటే మాత్రం ఆ ఒక్క పైపొరతో అబద్ధమైపోతుంది.

నంద్యాల_చిన్నోడు
రంగయ్య గారూ, మా లెక్కల సారు మీలాగా చెప్పుంటే నేను పదో తరగతి ఒకేసారి పాసయ్యేవాణ్ని.

కడప_మంజు
మిల్లు వాడు రీసైకిల్డ్ అన్నాడంటే నమ్మొచ్చా మరి?

క్రాఫ్ట్_రంగయ్య
ఇన్వాయిస్ మీద రాసినంత మాత్రాన రుజువు కాదమ్మా. మన దేశంలో చిన్న మిల్లుల క్రాఫ్ట్ చాలా వరకు చిత్తు కాగితం నుంచే వస్తుంది, కాబట్టి అబద్ధం అయ్యే అవకాశం తక్కువ. అయినా పెద్ద బయ్యర్ అడవుల పరిరక్షణ చూసే ఎఫ్‌ఎస్‌సీ అనే అంతర్జాతీయ సంస్థ రీసైకిల్డ్ సర్టిఫికెట్ లాంటిది అడుగుతాడు. అక్కడ చాలామంది తప్పు చేస్తారు. మిల్లుకి సర్టిఫికెట్ ఉంది కదా అని డబ్బా మీద ఆ చెట్టు గుర్తు కొట్టేస్తారు. అది కుదరదు. కాగితం చేతులు మారిన ప్రతిచోటా గొలుసు తెగకూడదు, డబ్బా చేసే నీ యూనిట్‌కి కూడా సర్టిఫికెట్ ఉండాలి.

ప్రొద్దుటూరు_ప్రెస్
నా కథ కూడా చెప్తా, మొన్నటి నా మాటకి విరుద్ధమే అనుకోండి. రెండేళ్ల కింద ఒక కస్టమర్ 'నూరు శాతం బయో డీగ్రేడబుల్' అని కవర్ల మీద ప్రింట్ అడిగాడు. ఫిల్మ్ సప్లయర్ చెప్పాడు, కస్టమర్ నమ్మాడు, నేను కొట్టిచ్చా. మున్సిపాలిటీ వాళ్లు వచ్చి కంపోస్టబుల్ అయితే దాని మీద సర్టిఫికెట్ నంబర్ ఏదీ అన్నారు. ఎవరి దగ్గరా లేదు. సరుకు మొత్తం తీసుకుపోయారు. ప్రింటింగ్ డబ్బులు నాకు ఇప్పటికీ రాలేదు.

పాత_గుమాస్తా
అవును, ప్లాస్టిక్ సంచికి కంపోస్టబుల్ అనాలంటే ఐఎస్ 17088 పరీక్ష, అమ్మేముందు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్, సంచి మీద దాని నంబర్. అందుకే పేరులో 'కంపోస్ట్', 'బయో' పెట్టుకున్నవాడికి గ్రీన్ పెట్టుకున్నవాడి కంటే తలనొప్పి ఎక్కువ.

హిందూపురం_వక్క
మాది వక్కపాళ ప్లేట్లు. కర్ణాటక నుంచి పాళలు తెప్పించి, కడిగి, వేడి డైలో నొక్కుతాం, అంతే. మా బోర్డు మీద 'వక్కపాళ ప్లేట్లు' అనే ఉంది. ఎకో లేదు, గ్రీన్ లేదు. ఎవరూ ఏమీ అడగరు, ప్లేటు చూస్తేనే తెలుస్తుంది. అన్నా, మీరు కూడా 'రీసైకిల్డ్ అట్టపెట్టెలు' అని పెట్టేయండి, అయిపోయె.

పాత_గుమాస్తా
@హిందూపురం_వక్క బోర్డుకి బాగుంటుంది, ట్రేడ్‌మార్క్‌కి రాదు. వస్తువేంటో చెప్పే మాటని ఒక్కరికే ఇవ్వరు, 1999 చట్టంలో సెక్షన్ 9. తెలుగులో రాసినా అంతే, 'అట్ట' అంటే ఏంటో దరఖాస్తులో అర్థం రాయాల్సిందే. అదే సెక్షన్‌లో ఇంకో కొక్కెం ఉంది. జనాన్ని మోసపుచ్చే పేరు కూడా ఇవ్వరు. మరీ సూటిగా చెప్తే అది అందరి పదం, వంకరగా చెప్తే మోసం. మధ్యలో సన్న సందు ఉంది, పేరు అక్కడ దొరకాలి.

కర్నూలు_కోడలు
'మారాకు' ఎలా ఉంది? మోడు మారాకు వేసింది అంటాం కదా. వాడేసిన కాగితం మళ్ళీ చిగురించినట్టు. వినడానికి ఎంత బాగుందో.

కడప_మంజు
అబ్బ, చాలా బాగుంది!

హిందూపురం_వక్క
బాగుంది కానీ నాకు పనికొస్తుంది, ఆయనకి కాదు 😀 'ఆకు' అనగానే విస్తరాకో, మాలాంటి పాళ ప్లేటో అనుకుంటారు. అట్టపెట్టెలు తెచ్చి ఇస్తే మోసం అంటారు.

కర్నూలు_కోడలు
కవిత్వం అర్థం కాని ఊరు.

అనంత_డబ్బాలు
'మళ్ళీ' అనుకున్నా. చిన్న పేరు.

నంద్యాల_చిన్నోడు
ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే మల్లి అవుతుంది. పూల కొట్టు అనుకొని మూరెంత అని అడుగుతారు.

క్రాఫ్ట్_రంగయ్య
అక్షరాల ఆట కాసేపు ఆపి ఒకటి చెప్పు నాయనా. కాగితం రీసైకిల్డ్ అనేది మిల్లు చేసే పని. నీ యూనిట్‌లో నువ్వు చేసే పని ఏంటి? పక్కూరి డబ్బాల వాడు చేయనిది, నువ్వు చేసేది?

అనంత_డబ్బాలు
పెద్దగా ఏం లేదండీ. కటింగ్ వేస్ట్ మిల్లుకి పంపుతాం, అది అందరూ చేసేదే. ఒకటుంది. మా వ్యాన్ కిరాణా హోల్‌సేల్ కొట్లకి సంచులు దింపి ఖాళీగా వచ్చేది. రెండేళ్లుగా వచ్చేటప్పుడు వాళ్ల పాత అట్టపెట్టెలు చదునుగా కట్టలు కట్టించి వేసుకొస్తున్నాం. కాటా వేసి, కిలోకి ఇంత అని బిల్లులో తగ్గిస్తాం. మిల్లు లారీ వచ్చినప్పుడు అవి పోతాయి. డీజిల్ దండగ అవుతోందని మొదలుపెట్టాం, పర్యావరణం అని కాదు.

క్రాఫ్ట్_రంగయ్య
ఇది కదా ముందు చెప్పాల్సింది! కాటా చీటీలు దాచావా?

అనంత_డబ్బాలు
డైరీలో రాస్తాం. తేదీ, కొట్టు, కిలోలు.

క్రాఫ్ట్_రంగయ్య
ఆ డైరీయే నీ రుజువు. పేరు దాని నుంచి రావాలి. ఆకుల నుంచి, భూగోళం బొమ్మల నుంచి కాదు.

కర్నూలు_కోడలు
అయితే 'తిరుగుటపా'! పోయిన వ్యాన్ తిరుగుటపాలో పాత పెట్టెలు తెస్తుంది. ఈసారి కవిత్వం కాదు, లెక్క ప్రకారమే చెప్పా.

ఉల్లిగడ్డ_518
ఇదీ పేరంటే.

పాత_గుమాస్తా
నాకూ నచ్చింది. డబ్బాల వ్యాపారంలో ఆ మాట వస్తువుని నేరుగా వర్ణించదు, కాబట్టి సెక్షన్ 9 దగ్గర తేలిగ్గా ఉంటుంది. పెట్టెలు, సంచులకి 16వ తరగతి. చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంటే ఆన్‌లైన్లో ఫీజు తరగతికి 4,500, లేకపోతే కంపెనీకి 9,000. వేసేముందు రిజిస్ట్రీ సైట్‌లో ఉచ్చారణ వెతుకులాట కూడా చేయండి, స్పెల్లింగ్ ఒక్కటే చూసి వదలొద్దు. కానీ గుర్తుంచుకోండి, ఆ పేరు పెట్టుకున్న రోజు నుంచి తిరిగి తీసుకోవడం అనేది మీ మెడకి కట్టుకున్నట్టే. రేపు వ్యాన్ మానేసి లారీ ట్రాన్స్‌పోర్ట్‌లో వేశారనుకోండి, పేరు అబద్ధమవుతుంది.

ప్రొద్దుటూరు_ప్రెస్
ఇంకో ప్రశ్న. స్వీట్ బాక్సులు కూడా చేస్తారా? నిగనిగలాడేవి?

అనంత_డబ్బాలు
చేస్తాం. పండగ సీజన్‌లో డబ్బు వచ్చేది వాటిమీదే.

ప్రొద్దుటూరు_ప్రెస్
అనుకున్నా. లామినేషన్ ఉంటుంది కదా వాటికి. అట్ట మీద ప్లాస్టిక్ ఫిల్మ్ అంటుకుని ఉంటుంది, అది మామూలు చిత్తు కాగితంతో పాటు మిల్లులో సరిగా పోదు. తెలుసుకోవడం తేలిక. ఒక మూల చింపి చూడండి, కాగితం తెగిన చోట ఫిల్మ్ సాగుతూ వస్తుంది. ఇంకా అనుమానం ఉంటే రాత్రి బకెట్ నీళ్లలో వేయండి. పొద్దుటికి అట్ట గుజ్జవుతుంది, పైన పాము కుబుసంలాగా ఒక పొర తేలుతుంది.

క్రాఫ్ట్_రంగయ్య
అదే అసలు ఇబ్బంది. 'ఎకో గ్రీన్' అన్న పేరు నీ పాత అట్ట సంచినీ, ఆ కుబుసం డబ్బానీ ఒకే గొడుగు కింద నిలబెడుతుంది. పేరు కంపెనీ మొత్తానిది, నిజం ఒక వస్తువుదే. రెండు దారులు. లామినేషన్ బదులు నీటితో చేసిన వార్నిష్ వేయడం, మెరుపు తగ్గుతుంది. లేదా ఆ స్వీట్ బాక్సుల మీద కొత్త పేరు కొట్టకుండా నాన్న పాత పేరుతోనే అమ్ముకోవడం.

అనంత_డబ్బాలు
వార్నిష్ శాంపిల్ పోయిన దసరాకి చూపించా. మైసూర్‌పాక్ నెయ్యి పైకి తేలి మరక పడిందని వెనక్కి ఇచ్చారు. పాత పేరే గతి ఇప్పటికి.

కడప_మంజు
అది కూడా మోసమే కదా, మంచిదానికి ఒక పేరు, చెడ్డదానికి ఒక పేరు?

పాత_గుమాస్తా
ఆ డబ్బా మీద ఏ క్లెయిమూ లేనప్పుడు మోసం ఎట్లా అవుతుందమ్మా.

కడప_మంజు
నాకు మాత్రం నచ్చలేదు. కంపెనీ ఒకటే కదా.

అనంత_డబ్బాలు
నాలుగు రోజుల తర్వాత అప్‌డేట్. తెల్ల అట్టముక్కల మీద స్కెచ్ పెన్నుతో రెండు పేర్లు రాసుకొని కస్టమర్ల దగ్గరికి పోయా. ఒకటి 'తిరుగుటపా'. రెండోది, రంగయ్య గారి పోస్టులో 'చిత్తు కాగితం' అన్న మాట చూసి నాకే తట్టింది, 'చిత్తు'.

బేకరీ ఆయన తిరుగుటపా చూసి "కొరియర్ పెట్టినావా? మా బావమరిదికి హైదరాబాద్‌కి పార్సిల్ పంపాలి" అన్నాడు. వివరంగా చెప్పా. "ఓహో" అని, పోయేటప్పుడు మళ్ళీ "పార్సిల్ ఎంత?" అన్నాడు. మందుల షాపు అమ్మాయి అయితే టపా అంటే ఏంటని అడిగింది.

హోల్‌సేల్ కొట్టు సుబ్బయ్య తాత 'చిత్తు' చూసి గట్టిగా నవ్వాడు. "ఎవుర్ని చిత్తు చేస్తావురా" అన్నాడు. తర్వాత సంచి పట్టుకొని లోపలికి తిప్పి చూసి, "చిత్తు కాగితంతో చేసిందా ఇది? మా కొట్టు పెట్టెలు కూడా ఇందులోకే వస్తాయా?" అన్నాడు. నేనేమీ చెప్పకుండానే.

నంద్యాల_చిన్నోడు
చిత్తు ప్యాకేజింగ్, చిత్తూరు బ్రాంచ్. దానిమ్మ_తోట అన్న కాయ చిత్తు చిత్తు.

దానిమ్మ_తోట
నేను అదే చెప్పబోతున్నా. డబ్బా మీద 'చిత్తు' అని ఉంటే నా కాయ అందులో పెట్టను. మొన్నటి సీజన్ గుర్తొస్తుంది.

కర్నూలు_కోడలు
ఎగుమతి డబ్బా మీద తెలుగు ఎవరు చదువుతారు అన్నా, దుబాయ్‌లో?

దానిమ్మ_తోట
దుబాయ్‌లో చదివేవాళ్లలో సగం మంది కడప జిల్లా వాళ్లేనమ్మా.

పాత_గుమాస్తా
'చిత్తు' మీద ఒక మాట. చిత్తు కాగితం అనే అర్థం ఉంది కాబట్టి వర్ణించే పదం అని ఎగ్జామినర్ అభ్యంతరం పెట్టే అవకాశం ఉంది. ఓడిపోవడం, చిత్తుప్రతి లాంటి వేరే అర్థాలూ ఉన్నాయని జవాబు రాసుకోవచ్చు. గెలుస్తారని చెప్పలేను. బొమ్మతో కలిపి లోగోగా వేస్తే కొంత బలం. ఇంకోటి, పైపొర వర్జిన్ ఉన్న డబ్బా మీద 'చిత్తు' ఒక్కటే ఉంటే అంతా చిత్తు కాగితమే అనుకుంటారు. కింద ఆ 79 లైను తప్పనిసరి.

క్రాఫ్ట్_రంగయ్య
అంకె కొట్టేటప్పుడు 79 అని బిగించకు. రోల్ జీఎస్‌ఎం కాస్త అటూ ఇటూ ఉంటుంది. '75 శాతానికి తగ్గకుండా' అని కొట్టు, ఏ రోజు తూచినా నిలబడుతుంది. సంచికి మాత్రం వేరే లెక్క, దాని కాగితం ఏ మిల్లుదో చూసి వేరుగా రాయి.

అనంత_డబ్బాలు
సరేనండీ. సంచులకి 'చిత్తు' వేస్తా, ఎగుమతి డబ్బాకి ఇంకా తేల్చుకోలేదు. ఇంట్లో అయితే "లక్ష్మీ అనో వెంకటేశ్వర అనో పెట్టుకోక, చిత్తు ఏంది శుభమా అని" అంటూ మా ఆవిడ రెండు రోజులుగా మాట్లాడట్లేదు. రంగయ్య గారూ, ఆ నాలుగు వేల 'ఎకో గ్రీన్' సంచులు ఏం చేయమంటారు?

క్రాఫ్ట్_రంగయ్య
లామినేషన్ లేదు కదా? ఇంక్ మామూలుదేనా?

అనంత_డబ్బాలు
లేదు. మామూలు ఇంకే.

క్రాఫ్ట్_రంగయ్య
అయితే లోపలిది బయటికి తిప్పి మీ యూనిట్‌లో కటింగ్ ముక్కలకి వాడుకో. మిగిలినవి కాటా వేసి డైరీలో రాయి, మిల్లు లారీకి ఎక్కించు.

నంద్యాల_చిన్నోడు
ఒక వంద నాకు పంపు అన్నా, చెల్లి పెళ్ళిలో తాంబూలాలకి. ఎవరన్నా గ్రీన్ ఏదీ అంటే లోపల తమలపాకు చూపిస్తా.